కార్పల్ టన్నెల్: మణికట్టు నిర్మాణమూ, మీడియన్ నరంపై ఒత్తిడి చేతిలో చూపే ఫలితాలూ

అరచేతి మొదట్లో, మణికట్టు ఎముకలకూ వాటి మీద అడ్డంగా బిగిసి ఉన్న ఒక దృఢమైన పట్టీకీ మధ్య ఏర్పడిన ఇరుకైన దారిని వైద్యశాస్త్రం కార్పల్ టన్నెల్ అని వ్యవహరిస్తుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండరాలను ఎముకలకు కలిపే తాళ్ల వంటి గట్టి భాగాలు, ముంజేతి నుంచి వేళ్లకు చేరేది ఈ దారిలోనే. వాటితో కలిసి ప్రయాణించే నరం మీడియన్ నరం ఒక్కటే. ఈ సొరంగంలో ఒత్తిడి పెరిగినప్పుడు మొదట దెబ్బ తినేది కూడా ఆ నరమే. అప్పుడు చేతిలో పుట్టే తిమ్మిరి, మంట, మొద్దుబారడం, పట్టు తప్పడం వంటి లక్షణాల సముదాయాన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఈ లక్షణాలు చేతి అంతటా ఒకేలా పరుచుకోవు. ఏ వేలికి తిమ్మిరి వస్తుంది, ఏ వేలికి రాదు, అరచేతిలో ఏ భాగం స్పర్శను నిలుపుకొంటుంది, ఏ కండ కరిగిపోతుంది అన్న ప్రశ్నలన్నిటికీ సమాధానం ఆ నరం నుంచి ఒక్కొక్క శాఖ ఎక్కడ విడిపోతుందన్న దానిలో ఉంది. ఆ నిర్మాణాన్నీ, ఒత్తిడి నరానికి చేసే హానినీ, ఆ రెండూ కలిసి చేతిలో గీసే లక్షణాల పటాన్నీ ఈ వ్యాసం సమీక్షిస్తుంది.

సొరంగం గోడలూ పైకప్పూ

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరసలుగా అమరి ఉంటాయి. అవి బల్లపరుపుగా కాక, అరచేతి వైపు లోతుగా ఉండే కమాను ఆకారంలో కూర్చబడి ఉండటం వల్ల సొరంగానికి నేల, పక్కగోడలు ఏర్పడతాయి. కమాను రెండు అంచులనూ కలుపుతూ అడ్డంగా సాగే మందపాటి లిగమెంట్ దాని పైకప్పు. ఈ పట్టీ బొటనవేలి వైపున స్కాఫాయిడ్, ట్రపీజియం అనే ఎముకల బొడిపెలకూ, చిటికెన వేలి వైపున పిసిఫామ్ ఎముకకూ, హామేట్ ఎముక నుంచి పొడుచుకువచ్చే కొక్కేనికీ అతుక్కొని ఉంటుంది. దీని నిర్మాణంలో ప్రధాన భాగం కొలాజెన్ తంతువులే కాబట్టి లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఇది చెప్పుకోదగినంత సాగదు, ఎముకల కమాను అసలే సాగదు.

గడియారం పట్టీ పెట్టుకునే చోటే ఈ సొరంగం ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మణికట్టు మీద అరచేతికి అతి దగ్గరగా కనిపించే ముడత గీత దగ్గర సొరంగం మొదలవుతుంది. అక్కడి నుంచి అరచేతి మొదటి భాగంలోకి సుమారు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల దూరం సాగుతుంది. దానిలో అతి ఇరుకైన చోటు ప్రవేశద్వారం దగ్గర కాక, హామేట్ కొక్కెం ఎదురుగా, అరచేతి లోపలే ఉంది. శస్త్రచికిత్సలో కోత మణికట్టు మీద కాక ప్రధానంగా అరచేతి మొదట్లో ఉండటానికి కారణం ఇదే.

సొరంగం రెండు కొసలూ తెరిచే ఉంటాయి కాబట్టి దాన్ని మూసిన పెట్టెగా భావించకూడదని అనిపిస్తుంది. అయితే కొసల దగ్గర కణజాలం ఒత్తుగా ఉండటం వల్ల లోపలి ద్రవం సులువుగా బయటికి జారిపోదు. అందువల్ల నిర్మాణంలో తెరిచి ఉన్నా, ఒత్తిడి విషయంలో ఈ సొరంగం దాదాపు మూసిన గదిలాగే ప్రవర్తిస్తుంది. లోపల ఏ ఒక్క వస్తువు కొద్దిగా ఉబ్బినా మిగిలిన వాటికి చోటు తగ్గి, ఆ ఒత్తిడి అన్నిటి మీదా పడుతుంది. తక్కినవన్నీ గట్టి టెండన్లు కాగా, వాటి మధ్య మెత్తనిది నరం ఒక్కటే.

సొరంగంలో ఉన్నవీ, దాని బయట సాగేవీ

సొరంగంలో సాగే తొమ్మిది టెండన్లలో ఎనిమిది బొటనవేలు మినహా మిగిలిన నాలుగు వేళ్లవి. ఒక్కో వేలికి రెండేసి టెండన్లు ఉంటాయి. వాటిలో ఒకటి వేలి మధ్య కణుపును, రెండవది చివరి కణుపును ముడుస్తాయి. తొమ్మిదవది బొటనవేలి చివరి కణుపును ముడిచేది. మధ్య కణుపును ముడిచే నాలుగు టెండన్లు రెండు అంతస్తులుగా అమరి, మధ్యవేలికీ ఉంగరపు వేలికీ చెందినవి పైన, చూపుడు వేలికీ చిటికెన వేలికీ చెందినవి వాటి కింద ఉంటాయి. చివరి కణుపుల టెండన్లు ఇంకా లోతుగా, ఎముకల మీదే పడి ఉన్నట్టు సాగుతాయి. ఈ టెండన్లు ఒకదానితో ఒకటి రాసుకోకుండా జారేందుకు వాటి చుట్టూ సైనోవియం అనే పలుచని, తడిగా ఉండే పొర ఉంటుంది. ఎనిమిది టెండన్లకు కలిపి ఒక తొడుగు, బొటనవేలి టెండన్‌కు వేరుగా మరో తొడుగు ఏర్పడి ఉంటాయి. పిడికిలి పూర్తిగా బిగించినప్పుడు ఈ టెండన్లు సొరంగంలో రెండు మూడు సెంటీమీటర్ల దూరం జారుతాయి.

మీడియన్ నరం ఈ గుంపులో అన్నిటికంటే పైన, సరిగ్గా లిగమెంట్ పైకప్పు కిందుగా, కొద్దిగా బొటనవేలి వైపుకు జరిగి ఉంటుంది. అడుగున ఉన్న టెండన్ల సముదాయం ఉబ్బితే దాన్ని పైకి నెట్టి కఠినమైన పైకప్పుకు అదుముతుంది. మణికట్టును లోపలికి వంచినప్పుడు టెండన్లు పైకప్పు వైపు లేచి నరాన్ని ఇంకా బలంగా నొక్కుతాయి. నరం కూడా కదలకుండా ఉండేది కాదు. వేళ్లూ మణికట్టూ కదిలినప్పుడల్లా అది దాదాపు ఒక సెంటీమీటరు మేర ముందుకూ వెనక్కూ జారవలసి ఉంటుంది. నరానికీ టెండన్లకూ మధ్య ఉండే సున్నితమైన కణజాలం మందమై గట్టిపడినప్పుడు ఈ జారుడు తగ్గి, ఒత్తిడికి తోడు లాగుడు కూడా నరం మీద పడుతుంది. నిర్దిష్టమైన కారణం కనిపించని రోగుల్లో శస్త్రచికిత్స వేళ తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించినప్పుడు తీవ్రమైన వాపు లక్షణాలు అరుదుగానే కనిపించాయి. ఎక్కువగా కనిపించింది ఇలా గట్టిపడటమూ, రక్తనాళాలు మందం కావడమూ.

సొరంగంలోకి రాని నిర్మాణాలను గుర్తుంచుకోవడం కూడా రోగ నిర్ధారణకు అవసరం. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో ఆ వైపు సగానికీ స్పర్శ ఇచ్చే అల్నార్ నరం, దానికి తోడుగా సాగే రక్తనాళం ఈ లిగమెంట్‌కు పైగా, వేరే దారిలో వెళతాయి. ఆ దారిని 1861లో వర్ణించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు గుయోన్ పేరుతోనే పిలుస్తారు. మణికట్టును వంచే ఒక టెండన్ బొటనవేలి వైపున లిగమెంట్ పొరల మధ్య తనకంటూ ఉన్న ప్రత్యేక గదిలో సాగుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మీడియన్ నరం నుంచే పుట్టి, అరచేతి మొదటి భాగంలోని చర్మానికి స్పర్శ ఇచ్చే ఒక చిన్న శాఖ, మణికట్టు గీతకు దాదాపు ఐదు సెంటీమీటర్లు పైన, ముంజేతిలోనే ప్రధాన నరాన్ని విడిచి, సొరంగంలో దూరకుండా లిగమెంట్ మీదుగా అరచేతిలోకి వస్తుంది.

మీడియన్ నరం శాఖలు: లక్షణాల పటం

మెడలోని వెన్ను నరాల మూలాల నుంచి చంకలో రూపుదిద్దుకున్న మీడియన్ నరం చేతి మధ్యగా దిగి, ముంజేతిలో వేళ్లను ముడిచే కండరాలలో అధిక భాగానికి శాఖలు ఇచ్చిన తరువాతే మణికట్టుకు చేరుతుంది. తొలిసారి చదివేవారు తికమకపడేది ఇక్కడే. వేళ్లను ముడిచే టెండన్లు సొరంగంలో ఉన్నాయి, నరం కూడా సొరంగంలోనే ఉంది కాబట్టి నరం నొక్కుకుంటే వేళ్లు ముడుచుకోవని అనుకోవచ్చు. కాని ఆ టెండన్లను లాగే కండరాలు ముంజేతిలో ఉన్నాయి, వాటికి నరాల శాఖలు సొరంగానికి చాలా ముందే అందాయి. అందువల్ల ఈ వ్యాధి ఎంత ముదిరినా బొటనవేలి చివరి కణుపు బలంగానే ముడుచుకుంటుంది. అక్కడ బలం తగ్గిందంటే హాని మణికట్టులో కాక అంతకు పైన ఎక్కడో ఉందని అర్థం.

సొరంగం దాటిన తరువాత నరం రెండు పనులు చేస్తుంది. మొదటిది స్పర్శ. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం, వీటి అరచేతి వైపు చర్మానికీ, గోళ్ల దగ్గరి వెనక భాగానికీ స్పర్శ ఈ నరానిదే. రెండవది కదలిక. సొరంగం చివర నుంచి వెనుదిరిగినట్టు వంగి, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా కనిపించే కండలోకి వెళ్లే ఒక శాఖ, బొటనవేలిని అరచేతి నుంచి పైకి ఎత్తే కండరాన్నీ, దాన్ని మిగిలిన వేళ్లకు ఎదురుగా తిప్పే కండరాన్నీ నడుపుతుంది. ఈ శాఖ అందరిలోనూ ఒకే చోట విడిపోదు. చాలామందిలో లిగమెంట్ దాటాక విడిపోతే, కొందరిలో లిగమెంట్ కిందే విడిపోతుంది, మరికొందరిలో లిగమెంట్‌నే చీల్చుకొని బయటికి వస్తుంది. ఈ తేడాలను 1977లో లాంజ్ వర్గీకరించాడు. లిగమెంట్‌ను కోసే వైద్యుడు ఈ శాఖను పొరపాటున తెంచితే బొటనవేలి పట్టు పోతుంది కాబట్టి ఆ వర్గీకరణకు శస్త్రచికిత్సలో నేటికీ విలువ ఉంది.

ఈ శాఖల అమరిక నుంచి మూడు ఆనవాళ్లు వస్తాయి. మొదటిది ఉంగరపు వేలి విభజన. ఒకే వేలిలో మధ్యవేలి వైపు సగం మొద్దుబారి, చిటికెన వేలి వైపు సగం మామూలుగా ఉందంటే హాని మెడలో కాక నరంలోనే ఉందని గట్టిగా అనుమానించవచ్చు, ఎందుకంటే మెడలో నొక్కుకున్న నరం మూలం సాధారణంగా వేలిని ఇలా నిలువునా రెండుగా చీల్చదు. రెండవది అరచేతి మొదటి భాగంలో స్పర్శ చెక్కుచెదరకపోవడం. వేళ్లు మొద్దుబారినా బొటనవేలి కింది ఉబ్బెత్తు మీది చర్మం మామూలుగా ఉంటే, ఆ చర్మపు శాఖ విడిపోయిన చోటుకు దిగువన, అంటే సొరంగంలో, హాని జరుగుతోందని తేలుతుంది. మూడవది, అదే ఉబ్బెత్తు కింద ఉన్న కండ మాత్రం కరిగిపోవడం. పైచర్మం బాగుండి కింది కండ కరిగిందంటే వాటికి నరం అందే దారులు వేరన్నదే అందుకు వివరణ.

నొప్పి మాత్రం ఈ హద్దులను పాటించదు. రోగులు తరచుగా ముంజేతిలో, మోచేతిలో, కొన్నిసార్లు భుజం దాకా నొప్పి పాకుతోందని చెబుతారు. చెయ్యంతా తిమ్మిరెక్కుతోందని చెప్పేవారూ ఎక్కువే. అయితే నొప్పి పైకి పాకినా, పరీక్షలో దొరికే స్పర్శ లోపం మణికట్టు దాటి పైకి పాకదు. ఈ తేడాను గుర్తించని చోట మెడ ఎక్స్‌రేలతో, భుజానికి చేసే చికిత్సలతో కాలం వృథా అవుతుంది.

ఒత్తిడి నరాన్ని ఎలా దెబ్బతీస్తుంది

ఒత్తిడి పెరిగితే నరం నలిగిపోతుందని సులువుగా అనుకోవచ్చు. కాని తొలి దశలో నరం నలగదు, దానికి రక్తం అందదు. నరం లోపల అల్లుకొని ఉన్న అతి సన్నని సిరలలో రక్తపు ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి, బయటి నుంచి స్వల్ప ఒత్తిడి పడినా ముందుగా మందగించేది వాటిలోని ప్రవాహమే. 1981లో రైడెవిక్, లుండ్‌బోర్గ్, బాగ్గే కుందేళ్ల నరాలపై చేసిన పరిశోధనలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల పాదరస పీడనానికే సిరల ప్రవాహం తగ్గడం, 60 నుంచి 80 మిల్లీమీటర్ల దగ్గర నరంలోని రక్తప్రసరణ పూర్తిగా ఆగిపోవడం కనిపించాయి. సిరలు నిండి ద్రవం బయటికి ఊరితే అది నరం పొరల మధ్యే నిలిచిపోతుంది, ఎందుకంటే నరం లోపలి పొరలలో ద్రవాన్ని తోడివేసే లింఫ్ నాళాలు లేవు. ఊరిన ద్రవం లోపలి ఒత్తిడిని మరింత పెంచుతుంది, అది రక్తప్రసరణను మరింత తగ్గిస్తుంది. ఇలా ఒకటి మరొకదాన్ని పెంచుకుంటూ పోతుంది.

మనుషుల్లో ఈ ఒత్తిడి ఎంత ఉంటుందో అదే 1981లో గెల్బర్‌మన్, ఆయన సహచరులు సొరంగంలోకి సన్నని గొట్టం పంపి కొలిచారు. మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతులలో సగటు పీడనం 2.5 మిల్లీమీటర్లు కాగా, వ్యాధి ఉన్నవారిలో 32 మిల్లీమీటర్లు. మణికట్టును లోపలికి వంచినప్పుడు ఆరోగ్యవంతులలో 31కి, రోగులలో 94కి పెరిగింది. వెనక్కి వంచినప్పుడు ఆరోగ్యవంతులలో 30కి, రోగులలో 110కి చేరింది. మరుసటి ఏడాది లుండ్‌బోర్గ్ బృందం ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల మణికట్లపై బయటి నుంచి ఒత్తిడి పెట్టి చూసినప్పుడు, 30 మిల్లీమీటర్ల దగ్గర స్వల్పమైన తిమ్మిర్లు మొదలయ్యాయి, 60, 90 మిల్లీమీటర్ల దగ్గర స్పర్శ సంకేతాలు త్వరగా పూర్తిగా నిలిచిపోయాయి. ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన ఉంచితే విషయం స్పష్టపడుతుంది. ఆరోగ్యవంతుడి చేతికి మణికట్టు వంచినప్పుడు మాత్రమే వచ్చే ఒత్తిడి రోగికి చెయ్యి కదలకుండా పెట్టుకున్నా ఉంటోంది. రోగి మణికట్టు వంచిన క్షణంలో అది నరం పని ఆగిపోయే స్థాయిని దాటుతోంది.

రాత్రుళ్లు బాధ ఎందుకు ఎక్కువో దీనితోనే చాలావరకు అర్థమవుతుంది. నిద్రలో చాలామంది మణికట్టును తెలియకుండానే లోపలికి వంచి పడుకుంటారు. పడుకున్నప్పుడు కాళ్లలో చేరిన ద్రవం శరీరమంతటా సర్దుకోవడంతో చేతుల్లో కూడా కాస్త పెరుగుతుంది. పగలు ఆ ద్రవాన్ని పైకి తోసే కండరాల కదలిక అప్పుడు ఉండదు. నిద్రలో రక్తపోటు తగ్గుతుంది కాబట్టి బయటి ఒత్తిడిని ఎదిరించి నరంలోకి రక్తం నెట్టే బలం కూడా తగ్గుతుంది. అందుకే రోగి అర్ధరాత్రి దాటాక లేచి, చెయ్యి వేలాడదీసి విదిలిస్తే కొద్ది నిమిషాల్లో ఉపశమనం పొందుతాడు. విదిలించడంతో మణికట్టు నిటారవుతుంది, నిలిచిన రక్తం కదులుతుంది.

ఒత్తిడి నెలల తరబడి కొనసాగితే మార్పు రక్తప్రసరణతో ఆగదు. నరంలోని పెద్ద తంతువుల చుట్టూ, కరెంటు తీగకు ఉండే ప్లాస్టిక్ తొడుగులా, మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర వల్లనే సంకేతం వేగంగా ప్రయాణిస్తుంది. నొక్కుకున్న చోట ఆ పొర పలుచబడి, ఊడిపోయినప్పుడు సంకేతం నెమ్మదిస్తుంది లేదా అక్కడే ఆగిపోతుంది. మైలిన్ మందంగా ఉన్న స్పర్శ తంతువులు ముందుగా దెబ్బతింటాయి. మణికట్టు దగ్గర మీడియన్ నరంలో అత్యధిక భాగం స్పర్శ తంతువులే కాబట్టి వ్యాధి తిమ్మిరితో మొదలై, కండ బలహీనత చాలా తరువాత వస్తుంది. ఇక్కడ రోగి చెప్పే రెండు అనుభవాలను వేరు చేయాలి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు అనిపించడం దెబ్బతిన్న తంతువు తాకకుండానే తనంతట తాను సంకేతాలు పుట్టించడం వల్ల వస్తుంది. మొద్దుబారడం సంకేతం ఆగిపోవడం వల్ల వస్తుంది. ఇంకా ముదిరితే తొడుగు లోపలి తంతువు, అంటే ఆక్సాన్, తెగి నశిస్తుంది. అప్పుడు స్పర్శ శాశ్వతంగా తగ్గుతుంది, కండ కరుగుతుంది, తంతువులతో పాటు చెమట గ్రంథులకు వెళ్లే సన్నని నరాలు కూడా దెబ్బతిని వేళ్ల చర్మం పొడిబారుతుంది. మైలిన్ కొన్ని వారాల నుంచి నెలల్లో తిరిగి ఏర్పడగలదు. ఆక్సాన్ మాత్రం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే తిరిగి పెరుగుతుంది, అదీ అన్ని సందర్భాల్లో పూర్తిగా కాదు.

ఈ అవగాహన రూపుదిద్దుకున్న క్రమం

మణికట్టు ఎముక విరిగి సరిగా అతకని రోగిలో మీడియన్ నరం నొక్కుకుపోవడాన్ని 1854లో ఇంగ్లండు వైద్యుడు జేమ్స్ పాజెట్ నమోదు చేశాడు. 1880లో అమెరికన్ వైద్యుడు జేమ్స్ పట్నమ్ రాత్రుళ్లు చేతులు తిమ్మిరెక్కి నిద్ర లేచే రోగులను వర్ణించినా, కారణాన్ని మణికట్టులో వెదకలేదు. 1913లో ఫ్రాన్సులో పియేర్ మేరీ, ఫోయి ఒక వృద్ధ రోగి శవపరీక్షలో బొటనవేలి కండ కరిగి ఉండటాన్నీ, లిగమెంట్‌కు సరిగ్గా పైన మీడియన్ నరం ఉబ్బి, లిగమెంట్ కింద సన్నబడి ఉండటాన్నీ చూశారు. ఆ లిగమెంట్‌ను ముందుగానే కోస్తే కండను కాపాడవచ్చని కూడా సూచించారు. అయినా చాలా ఏళ్ల పాటు వైద్యులు ఈ లక్షణాలకు మెడనో, పక్కటెముకలనో నిందిస్తూ వచ్చారు. 1947లో లండన్‌లో బ్రెయిన్, రైట్, విల్కిన్సన్ ప్రచురించిన ఆరుగురు రోగుల వివరాలు, 1950 తరువాత అమెరికాలో జార్జ్ ఫాలెన్ విస్తృతంగా చేసిన అధ్యయనాలు వ్యాధి స్థానాన్ని మణికట్టులో స్థిరపరిచాయి. మేరీ, ఫోయి చూసిన ఉబ్బు ఈనాటికీ నిర్ధారణకు పనికి వస్తోంది. అల్ట్రాసౌండ్‌లో పిసిఫామ్ ఎముక దగ్గర నరం అడ్డుకొలత సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే వ్యాధిని అనుమానిస్తారు.

ఒక రోగి ఉదాహరణ

నిర్మాణ జ్ఞానం నిర్ధారణకు ఎలా తోడ్పడుతుందో ఒక నమూనా రోగి ద్వారా చూడవచ్చు. దర్జీ పని చేసే 48 ఏళ్ల మహిళ ఆరు నెలలుగా కుడి చెయ్యంతా తిమ్మిరెక్కుతోందని, రాత్రి రెండు మూడు గంటలకు లేచి చెయ్యి విదిలించవలసి వస్తోందని, ఈ మధ్య సూది జారిపోతోందని, బొత్తాలు పెట్టడం కష్టంగా ఉందని చెబుతుంది. చెయ్యంతా అన్న మాటను అలాగే తీసుకోకుండా గుండుసూదితో ఒక్కొక్క వేలిని తాకి చూసినప్పుడు బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో దగ్గరి సగం మందంగా ఉన్నట్టు, చిటికెన వేలు మామూలుగా ఉన్నట్టు తేలుతుంది. బొటనవేలి కింది ఉబ్బెత్తు చర్మంలో స్పర్శ బాగుంది. బొటనవేలిని అరచేతి నుంచి పైకి ఎత్తమని చెప్పి వైద్యుడు దాన్ని అడ్డుకుంటే బలం తగ్గినట్టు తెలుస్తుంది, కాని చివరి కణుపు బలంగా ముడుచుకుంటోంది. మెడ తిప్పినా బాధ పెరగదు, మోచేతి దగ్గరి ప్రతిక్రియలు మామూలుగానే ఉన్నాయి. మణికట్టు వంచి ఒక నిమిషం ఉంచే ఫాలెన్ పరీక్షలోనూ, సొరంగం మీద బొటనవేలితో అర నిమిషం నొక్కే డర్కన్ పరీక్షలోనూ అవే వేళ్లలో తిమ్మిరి పుడుతుంది. ఇంత వరకు ఒక్క యంత్రమూ లేకుండానే హాని చోటు సొరంగమని నిర్ణయమైంది.

నరాల వేగ పరీక్ష ఆ నిర్ణయాన్ని కొలతతో ధ్రువపరుస్తుంది. ఉంగరపు వేలికి రెండు నరాలూ స్పర్శ ఇస్తాయి కాబట్టి అదే వేలిలో, అదే 14 సెంటీమీటర్ల దూరానికి రెండు నరాల సంకేతాల సమయాన్ని పోల్చవచ్చు. ఈ రోగిలో అల్నార్ నరం సంకేతానికి 3.2 మిల్లీసెకన్లు, మీడియన్ నరం సంకేతానికి 4.4 మిల్లీసెకన్లు పట్టాయనుకుంటే తేడా 1.2 మిల్లీసెకన్లు. ఆరోగ్యవంతుల్లో ఈ తేడా అర మిల్లీసెకను దాటదు. వయసు, చేతి ఉష్ణోగ్రత వంటివి రెండు నరాలపైనా సమానంగా ప్రభావం చూపుతాయి కాబట్టి ఈ పోలిక విడిగా ఒక నరాన్ని కొలవడం కంటే నమ్మదగినది. కండకు వెళ్లే సంకేతం ఆలస్యమైనా దాని పరిమాణం తగ్గకపోతే మైలిన్‌కే ఎక్కువ హాని జరిగిందని, ఆక్సాన్లు ఇంకా బతికే ఉన్నాయని తెలుస్తుంది. చికిత్స ఫలిస్తుందన్న ఆశకు ఇది బలమైన ఆధారం. రక్తపరీక్షలో థైరాయిడ్ లోపం బయటపడితే, కణజాలంలో ద్రవం చేరి సొరంగంలో ఒత్తిడి పెరగడానికి అదీ తోడ్పడి ఉంటుంది కాబట్టి, దానికీ మందు ఇవ్వాలి. అయితే వేగ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని తీర్మానించకూడదు. తొలి దశలో ఒత్తిడి రాత్రివేళ మాత్రమే పెరిగే వారిలో పగలు చేసిన పరీక్ష తేడా చూపకపోవచ్చు.

కారణాలు, చికిత్స, వాటి హద్దులు

సొరంగం చోటు తగ్గించే లేదా లోపలి ద్రవం పెంచే ఏ స్థితి అయినా కారణం కాగలదు. మణికట్టు ఎముక విరగడం, కీళ్లవాతంలో సైనోవియం ఉబ్బడం, గర్భిణుల్లో చివరి నెలల్లో ద్రవం చేరడం, థైరాయిడ్ లోపం, స్థూలకాయం ఇందుకు ఉదాహరణలు. మధుమేహం ఉన్నవారిలో నరం ముందే బలహీనపడి ఉండటంతో తక్కువ ఒత్తిడికే లొంగుతుంది. నడివయసు స్త్రీలలో ఈ వ్యాధి పురుషుల కంటే ఎక్కువ, అధిక సంఖ్యాకులలో ఒక్క నిర్దిష్టమైన కారణం దొరకదు. వృద్ధులైన పురుషుల్లో రెండు చేతులకూ వచ్చినప్పుడు అమైలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అదే ప్రొటీన్ కొన్నేళ్ల తరువాత గుండెను దెబ్బతీయవచ్చు. వృత్తి విషయంలో, బలంగా పట్టి పదేపదే చేసే పనులకూ, అదిరే యంత్రాలు పట్టుకునే పనులకూ సంబంధం స్పష్టంగా కనిపించింది. కంప్యూటర్ కీబోర్డుకు సంబంధం ఉందన్న ప్రచారానికి ఆధారాలు అంత బలంగా లేవు.

చికిత్స కూడా ఇదే తర్కాన్ని అనుసరిస్తుంది. మణికట్టును నిటారుగా ఉంచే పట్టీని రాత్రి కట్టుకుంటే వంపు వల్ల పెరిగే ఒత్తిడి తగ్గుతుంది. సొరంగంలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉబ్బును తగ్గించి కొన్ని నెలల ఉపశమనం ఇస్తుంది, కాని చాలామందిలో బాధ తిరిగి వస్తుంది. లిగమెంట్‌ను పూర్తిగా కోయడం వల్ల సొరంగం శాశ్వతంగా వెడల్పవుతుంది. ఆ తరువాత రాత్రి బాధ రోజుల్లోనే తగ్గడం రక్తప్రసరణ తిరిగి అందడం వల్ల, తిమ్మిరి వారాల నుంచి నెలల్లో తగ్గడం మైలిన్ తిరిగి ఏర్పడటం వల్ల, కరిగిన కండ ఏళ్లు గడిచినా పూర్తిగా రాకపోవడం ఆక్సాన్లు నశించి ఉండటం వల్ల జరుగుతాయి. కోసినా బాధ తగ్గకపోతే లిగమెంట్ పూర్తిగా తెగలేదేమోనని, లేదా నిర్ధారణే తప్పేమోనని ముందుగా చూడాలి.

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌లో చేతికి జరిగే నష్టం చాలావరకు ఆలస్యం వల్ల జరిగేదే. రాత్రి తిమ్మిరితో నిద్ర లేచే దశలో నరం దాదాపు పూర్తిగా కోలుకోగలదు, బొటనవేలి కింది కండ పల్లంగా కనిపించే దశలో అంతగా కోలుకోలేదు. కాబట్టి రాత్రుళ్లు మొదటి మూడు వేళ్లలో తిమ్మిరి వారాల తరబడి వస్తున్నవారు, అది వయసు వల్లనో నీరసం వల్లనో అని సరిపెట్టుకోకుండా, పగలు కూడా వేళ్లు మొద్దుబారకముందే వైద్యుని దగ్గర మణికట్టును పరీక్ష చేయించుకోవాలి.